స్పాన్సర్‌షిప్ రేటు ఒప్పుకున్నాక ఒప్పందంలో కొత్త హక్కులు చేరితే?

ప్రశ్న: నాది పొదుపు, ఖర్చుల గురించి చెప్పే వీడియో ఛానెల్. ఒక బడ్జెట్ యాప్ వాళ్లు నా వీడియోలో 60 సెకన్ల ఇంటిగ్రేషన్, అంటే వీడియోలోనే వాళ్ల యాప్ గురించి నేను చెప్పే భాగం, అడిగితే, నా మామూలు రేటుకి మెయిల్‌లో సరే అన్నాను. ఇప్పుడు పంపిన ఒప్పందంలో ఆ ముక్కను శాశ్వతంగా ప్రకటనల్లో వాడుకుంటామని, ఆరు నెలలు ఏ ఆర్థిక సేవల సంస్థతోనూ పనిచేయకూడదని రాశారు. సంతకం చేయనా? చేస్తే ఎంత అడగాలి?

జవాబు: ఈ రూపంలో సంతకం చేయకండి. ముందు మీ మెయిల్స్ మళ్లీ చదవండి. వాటిలో ఒక వీడియో, ఒక రేటు తప్ప మరేమీ లేకపోతే, ప్రకటనల హక్కు, పోటీ నిషేధం మీరు ఒప్పుకున్నవి కావు, అవి కొత్త షరతులు. అభ్యంతరం వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. అది తేలేదాకా వీడియో పెట్టకండి, అడ్వాన్స్ తీసుకోకండి. పని మొదలుపెడితే కొత్త షరతులకు కూడా ఒప్పుకున్నట్టేనని వాళ్లు వాదించే అవకాశం ఉంటుంది.

ఇక రేటు. వ్యూస్ లెక్కకు సగటు తీసుకోకండి. మీ గత పది వీడియోల్లో తొమ్మిదికి, ఒక్కోదానికి మొదటి 30 రోజుల్లో 40,000 వ్యూస్ వచ్చి, ఒకటి మాత్రం 3,00,000కి వెళ్లిందనుకోండి. సగటు 66,000 అవుతుంది. కానీ మీరు నమ్మకంగా ఇవ్వగలిగేది 40,000 మాత్రమే. 66,000 చూపించి ధర అడిగితే, ఆ సంఖ్యనే గ్యారంటీగా ఒప్పందంలో రాయమంటారు. అందుకే వీడియోలను వ్యూస్ వరుసలో పెట్టి, మధ్యలో ఉన్న సంఖ్యను పట్టుకోండి. వెయ్యి వ్యూస్‌కు ఎంత అడగవచ్చో మీ అంశాన్ని బట్టి ఉంటుంది. డబ్బు విషయాలు చూసేవాళ్లలో ఒక్కరు కస్టమర్ అయినా యాప్‌కు చాలాకాలం ఆదాయం వస్తుంది కాబట్టి, వినోద ఛానెల్ కంటే మీ రేటు ఎక్కువ ఉండటం న్యాయమే. మీ 40,000 వ్యూస్‌కు వచ్చే మొత్తాన్ని 100 అనుకుందాం. మీరు ఒప్పుకున్నది ఆ 100కే.

ప్రకటనల హక్కు దీనికి బయటిది. వాళ్ల పేజీలో మీ వీడియోను మామూలుగా షేర్ చేయడం వేరు, డబ్బు పెట్టి మీ ముఖంతో ప్రకటన నడపడం వేరు. రెండోదానికి నెలల చొప్పున అద్దె తీసుకోవాలి. నేనైతే మూల ధరలో నెలకు పాతిక శాతం దగ్గర బేరం మొదలుపెట్టమంటాను. మూడు నెలలకు 75 అవుతుంది. శాశ్వత హక్కుకు మాత్రం ఏ ధరకైనా ఒప్పుకోవద్దనే నా సలహా. రేపు ఆ యాప్ మీద ఫిర్యాదులు వచ్చినా, మీరు దాన్ని వాడటం మానేసినా, మీరు మెచ్చుకుంటున్న ప్రకటన ఆగదు.

పోటీ నిషేధం దగ్గర శాతాలు పనికిరావు. మీరు వదులుకునే ఆదాయమే దాని ధర. మీ పాత మెయిల్స్ చూడండి. బడ్జెట్ యాప్‌ల నుంచి ఏడాదికి రెండు పనులు ఒప్పుకుంటున్నారంటే, ఆరు నెలల్లో ఒకటి పోతుంది. స్క్రిప్ట్, ఎడిటింగ్ శ్రమ మిగులుతుంది కాబట్టి దానికి 30 తీసేస్తే నష్టం 70. కానీ వాళ్లు రాసింది 'ఆర్థిక సేవలు' అని. అందులో బ్యాంకులు, బీమా, పెట్టుబడి యాప్‌లు అన్నీ వస్తాయి. అలాంటి పనులు ఆరు నెలల్లో మూడు పోతే నష్టం 210! ఒక్క పదం వల్ల మీ స్పాన్సర్‌షిప్ ఆదాయం దాదాపు ఆగిపోతుంది. అందుకే పోటీ సంస్థల పేర్లు జాబితాగా అడగండి. గడువు సంతకం రోజు నుంచా, వీడియో విడుదల రోజు నుంచా అన్నది కూడా చూడండి. సంతకంతోనే నిషేధం మొదలై, ముగింపు మాత్రం విడుదల నుంచి ఆరు నెలలకని ఉంటే, వాళ్లు విడుదలను రెండు నెలలు వాయిదా వేస్తే మీరు ఎనిమిది నెలలు ఆగాలి. ముగింపు తేదీ రాయించుకోండి.

నిషేధం బడ్జెట్ యాప్‌లకే పరిమితమైతే, ఇలా 100, 75, 70 కలిపితే 245. అంత ఇవ్వలేమంటే ధర తగ్గించకండి, హక్కులు తగ్గించండి. ఒక నెల ప్రకటనలకు 25, ఒక నెల నిషేధానికి 70లో ఆరో వంతుగా దాదాపు 12, మూల ధర 100తో కలిపి మొత్తం 137 దగ్గర ఒప్పందం కుదరవచ్చు.

ప్రకటనల షరతు స్థానంలో ఇలా రాసి పంపండి: "వీడియో విడుదలైన రోజు నుంచి 30 రోజుల వరకు, ఒప్పందంలో పేర్కొన్న వేదికల్లో మాత్రమే, ఎడిట్ చేయకుండా, ఈ 60 సెకన్ల భాగాన్ని సంస్థ ప్రకటనగా వాడవచ్చు. పొడిగింపుకు రాతపూర్వక అనుమతి, విడి రుసుము అవసరం. గడువు దాటి వాడితే, వాడిన ప్రతి నెలకూ ఒప్పందంలోని ఒక నెల ప్రకటన రుసుముకు రెట్టింపు చెల్లించాలి." రెట్టింపు రుసుమును జరిమానాగా భావించి తగ్గించే చట్టాలు కొన్నిచోట్ల ఉంటాయి కాబట్టి, ఆ చివరి వాక్యాన్ని మీ దగ్గరి వకీలుకు ఒకసారి చూపించి పంపండి.