తప్పుల ఇంగ్లీషు మాట్లాడే పాత్రకు తెలుగు

“నేను అనువదిస్తున్న కథలో ఒక వలస కార్మికుడు ‘మై సన్ కమ్ యెస్టర్‌డే, హీ నో లైక్ దిస్ హౌస్’ అంటాడు. సరైన తెలుగులో రాస్తే రుచి పోతోంది. యాస పెడితే మన పల్లె మనిషిలా ఉన్నాడు. ఏం చేయాలి?”

యాస వద్దనే నా అభిప్రాయం కూడా. యాస మాట్లాడేవారిది సొంత భాష, అందులో తడబాటు ఉండదు. మీ పాత్రకు కావలసింది తెలుగు కొత్తగా నేర్చుకుంటున్నవారు చేసే తప్పులు. అలాంటివారు క్రియను కర్తకు తగినట్టు మార్చలేరు, ‘ఇంటి’ అనవలసిన చోట ‘ఇల్లు’ అనే అంటారు, ‘కి’ వదిలేస్తారు.

మీ వాక్యాన్ని ఇలా రాయవచ్చు: “నా కొడుకు నిన్న వచ్చింది. ఈ ఇల్లు అతను ఇష్టం లేదు.” ఇక్కడ ‘అతను నచ్చలేదు’ అని రాస్తే కొడుకే ఎవరికో నచ్చలేదన్న అర్థం వస్తుంది. తప్పు వినపడాలి కాని అర్థం చెడకూడదు, అందుకే ‘ఇష్టం’ తీసుకున్నాను. కొడుకు బదులు కూతురైతే ‘వచ్చింది’ సరైన రూపమే కాబట్టి తప్పు కనపడదు. అప్పుడు బరువంతా ‘ఇల్లులో’ వంటి రూపాల మీద వేయాలి.

రెండు మూడు తప్పులనే ఎంచుకుని కథంతా వాటికే కట్టుబడండి. ‘సరే’, ‘నాకు తెలియదు’ వంటి రోజువారీ మాటలు తప్పు లేకుండానే పలికించండి, ఎవరైనా ముందు వంటబట్టించుకునేవి అవే. ముఖ్యంగా, అతను తన మాతృభాషలో భార్యతో మాట్లాడే సన్నివేశముంటే అక్కడ తెలుగు నిండుగా, ధారాళంగా ఉండాలి. లేకపోతే పాఠకులు అతన్ని తెలివి తక్కువవాడనుకుంటారు.