‘ఎటు పోతానవ్?’లో ‘ఉన్నావు’ ఎక్కడికి పోయింది?

సందేహం: మా బాబు కథ రాస్తూ ఒక పాత్రతో ‘ఎటు పోతానవ్?’ అనిపించిండు. వాళ్ల టీచర్ దాన్ని కొట్టేసి, ‘సహాయక క్రియ లేదు’ అని ‘ఎటు పోతూ ఉన్నావు?’ అని దిద్దింది. ఇంగ్లిష్‌లో ‘వేర్ యూ గోయింగ్’ అన్నట్టే ఇది కూడా తప్పన్నదట. మా ఇంట్ల అయితే ఉత్తగ ‘ఎటు?’ అని కూడా అడుగుతం. ఇవన్నీ తప్పులేనా? ఎక్కడ వదిలేయొచ్చు, ఎక్కడ వదలొద్దు? – ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: ‘పోతానవ్’లో సహాయక క్రియ ఎక్కడికీ పోలేదు. లోపలే ఉంది, కాకపోతే గుర్తు పట్టనంతగా కలిసిపోయింది.

పాత పుస్తకాల భాషలో ఈ మాట ‘పోవుచున్నావు’. ఇందులో ‘పోవు’ అసలు క్రియ. ‘చు’ అనేది పని జరుగుతూ ఉందని చెప్పే ముక్క. చిన్నయ సూరి బాలవ్యాకరణం (1858) చదివినవాళ్లకు ఇది ‘శత్రర్థకం’గా తెలుసు. చివరిది ‘ఉన్నావు’, అదే మీ టీచర్ గారు వెతికిన సహాయక క్రియ. వాడుకలో ఆ ‘చు’ కొన్నిచోట్ల ‘తూ’ అయింది, మన వరంగల్, కరీంనగర్ వైపు ‘తా’ అయింది. అంటే మనకు మొదట వచ్చేది ‘పోతా ఉన్నవు’. రెండు మాటలూ కలిపి అనేసరికి ‘ఉ’ను ముందున్న ‘ఆ’ మింగేసి ‘పోతాన్నవ్’ అవుతుంది. ఇంకొంచెం తొందరలో ఒక నకారం కూడా జారిపోయి ‘పోతానవ్’ మిగులుతుంది. నిదానంగా మాట్లాడే పెద్దవాళ్ల నోట ఆ రెండో నకారం ఇప్పటికీ వినిపిస్తుంది.

‘పోతాండు’ కూడా ఇలాగే పుట్టింది. ‘పోతా ఉన్నడు’ కాస్తా ‘పోతాన్నడు’, అందులో నకారం డకారాన్ని తాకి ‘పోతాండు’. ‘వచ్చినాడు’ మన దగ్గర ‘వచ్చిండు’ అయిన దారి కూడా ఇదే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. ‘పోతా ఉన్నది’ అయితే ‘పోతాంది’. పుస్తకాల్లో కనిపించే ‘పోతున్నావు’ కూడా కలిసిపోయిన రూపమే కదా, ‘పోతూ ఉన్నావు’ నుంచి వచ్చిందే. అక్కడ ‘తూ’ తన పొడవు పోగొట్టుకుంది, ఇక్కడ ‘ఉ’ మాయమైంది. ఒకదానికి అచ్చులో చోటు దొరికింది, ఇంకొకదానికి దొరకలేదు, తేడా అంతే.

సహాయక క్రియ నిజంగా పోతే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. హనుమకొండ చౌరస్తాలో నిలబడి, ఆగి ఉన్న బస్సును చూపిస్తూ ‘ఈ బస్సు ఎటు పోతది?’ అని అడుగుతాం. అది ఏ రూటు బస్సో తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న అది. కండక్టర్ ‘కాజీపేట’ అంటాడు. ఎక్కి కూర్చున్నాక, ఎప్పుడూ నేరుగా వెళ్లే బస్సు ఉన్నట్టుండి పక్క సందులోకి తిరిగిందనుకోండి. అప్పుడు నోటికి వచ్చేది ‘ఈ బస్సు ఎటు పోతాంది?’ అని. ‘పోతది’కీ ‘పోతాంది’కీ మధ్య ఉన్నది ఆ కలిసిపోయిన ‘ఉన్న’ ఒక్కటే. దాన్ని తీసేస్తే వాక్యం చెడిపోదు గానీ వేరే ప్రశ్న అవుతుంది. ‘మేడారం పోతవా?’ అంటే జాతరకు వెళ్లే ఉద్దేశం ఉందా అని, ‘మేడారం పోతానవా?’ అంటే మూట సర్దుకుని బయలుదేరినవాణ్ని అడిగినట్టు.

ఇంగ్లిష్ పోలిక తెచ్చారు కాబట్టి దాని సంగతి కూడా చెప్పాలి. ‘వేర్ ఆర్ యూ గోయింగ్’లో ‘ఆర్’ పోయినా ‘యూ’ ఎవరో చెబుతుంది, ‘గోయింగ్’ పని జరుగుతూ ఉందని చెబుతుంది. పెద్దగా పోయేదేమీ లేదు గనుక స్నేహితుల మధ్య మాటల్లో, ఫోన్ మెసేజీల్లో అలా అనేస్తారు. పరీక్ష పేపర్లో, దరఖాస్తులో రాయరు. మనవాళ్లు ఎక్కువగా చేసే ‘వేర్ యూ ఆర్ గోయింగ్’ ఇంకో రకం పొరపాటు, అందులో ‘ఆర్’ ఉంది కానీ చోటు తప్పింది. తెలుగులో ప్రశ్న అడగడానికి మాటల వరస మార్చే పని లేదు గనుక ఆ అలవాటే అక్కడికీ వెళుతుంది.

తెలుగులో అలా సగం వదలడం కుదరదు. ఎందుకంటే ‘నువ్వు’ అనే గుర్తు, అంటే ఆ చివరి ‘వ్’, అంటుకుని ఉండేది ‘ఉన్న’కే. ‘ఉన్నవ్’ను తీసేస్తే ‘ఎటు పోతా?’ అని మొండెం మిగులుతుంది. అందుకే తెలుగువాడు వదిలితే క్రియ మొత్తాన్నీ వదిలేస్తాడు, మీ ఇంట్లో అడిగే ‘ఎటు?’ అలాంటిదే.

మరి క్రియే లేకపోతే వినేవాళ్లకు ఎలా తెలుస్తుంది? ప్రశ్న మాట చివర ఉన్న విభక్తి చెబుతుంది. ‘ఏడికి?’ అంటే ఆ ‘కి’లోనే వెళ్లడం ఉంది. ‘ఏడికెళ్లి?’ అంటే రావడం ఉంది. ‘ఏడ?’ అంటే ఉండడం. గేటు దగ్గర చెప్పులేసుకుంటున్న మనిషిని ‘ఏడికి?’ అన్నా, సంచి మోసుకుంటూ ఎండలో వస్తున్న మనిషిని ‘ఏడికెళ్లి?’ అన్నా ఏ సందేహమూ రాదు. మనిషి కంటి ముందు ఉన్నాడు, పని జరుగుతూ ఉంది. ‘ఇప్పుడు’ అనేదాన్నీ ‘నువ్వు’ అనేదాన్నీ ఆ సందర్భమే అందిస్తుంది.

ఆ సందర్భం లేనప్పుడే చిక్కు. పొద్దున మీరు ఫోన్‌లో ‘ఎటు?’ అని మెసేజీ పెట్టారు, అవతలి మనిషి మధ్యాహ్నం చూసుకున్నాడు. ఇప్పుడు ఎటు పోతానవ్ అనా, పొద్దున ఎటు పోయినవ్ అనా, రేపు ఎటు పోదాం అనా? మూడింటికీ అదే ‘ఎటు?’. ఎదుట లేని మూడో మనిషి గురించి అడిగేటప్పుడు కూడా ఇది నిలవదు. ‘మీ నాయిన ఏడికి?’ అని మాటలు మొదలుపెడితే ఏదో మధ్యలో తెగినట్టే ఉంటుంది, ‘మీ నాయిన ఏడికి పోయిండు?’ అనాల్సిందే. అయితే మనిషి ఎక్కడున్నాడని మాత్రమే అడగాలంటే క్రియ లేకుండానే ‘మీ నాయిన ఏడి?’, ‘మీ అమ్మ ఏది?’, ‘మీవాళ్లు ఏరి?’ అంటాం. క్రియ చేయాల్సిన లింగ, వచన భేదాన్ని ఆ ప్రశ్న మాటే చూపించేస్తుంది. నాకు చాలా ఇష్టమైన మాటలివి, ఈ మధ్య పిల్లల నోట అన్నిటికీ ‘ఎక్కడ?’ ఒకటే వినిపిస్తోంది.

క్రియ వదలడంలో ఇంకో సౌకర్యం ఉంది. క్రియ ఉంటే ‘పోతానవ్’ అనాలా ‘పోతాన్రు’ అనాలా తేల్చుకోవాలి, అంటే ఎదుటి మనిషిని నువ్వు అనాలా మీరు అనాలా అని. వయసులో చిన్నవాడైన కొత్త అల్లుణ్ని, పెద్ద ఉద్యోగం చేసి వచ్చిన చిన్నప్పటి దోస్తును ఏమని అడుగుతాం? ‘ఎటు పయనం?’ అంటే తప్పించుకోవచ్చు. మన దగ్గర ‘ఎటు పోవుడు?’, ‘ఎన్నడు వచ్చుడు?’ అనే ప్రశ్నలూ ఈ పనే చేస్తాయి. ‘పోవుడు’, ‘వచ్చుడు’ నామవాచకాలు, వాటికి నువ్వు, మీరు అనే గుర్తులు అంటవు. ఉత్త ‘ఎటు?’ మాత్రం పెద్దవాళ్ల దగ్గర పొడిగా, నిలదీసినట్టు వినిపిస్తుంది. పక్కన వరస చేరిస్తే ఆ పదును పోతుంది: ‘ఎటు మామా?’, ‘ఏడికి పెద్దమ్మా?’. బయలుదేరేవాళ్లను ‘ఎక్కడికి?’ అనొద్దనే పట్టింపు ఉన్న ఇళ్లలో ‘దూరమా?’ అని అడుగుతారు, అందులోనూ క్రియ లేదు.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటు ప్రశ్నలో కాదు, జవాబులో. ‘ఎటు పోతానవ్?’ అంటే ‘బజారుకు పోతాన’ అంటాం. ఈ ‘పోతాన’ జరుగుతున్న పని. కానీ కోస్తా మనిషికి ‘పోతాను’ అంటే ఇకముందు చేయబోయే పని. మధ్య తేడా చివరి ‘ఉ’ ఒక్కటే, అది ఫోన్‌లో వినిపించదు. ఒకసారి గుంటూరు మిత్రుడు కాజీపేట స్టేషన్‌లో దిగి ఫోన్ చేశాడు. అప్పటికే స్కూటర్ తీసి రోడ్డెక్కిన నేను ‘వస్తాన, వస్తాన’ అన్నాను. ఆయనకు అది ‘వస్తాను’ అని వినపడింది. ఈయన ఇంకా ఇంట్లోనే ఉన్నాడనుకుని ఆటో ఎక్కాడు. నేను ప్లాట్‌ఫారం మీద వెతుకుతుంటే ఆయన మా ఇంట్లో చాయ్ తాగుతున్నాడు. అప్పటినుంచి బయటి జిల్లాలవాళ్లతో మాట్లాడేటప్పుడు ‘వస్తున్న’ అని నకారాన్ని నొక్కి పలుకుతున్నాను. రాసేటప్పుడైతే మనవాళ్లకు రాసినా ‘వస్తున్న’ లేదా ‘వస్తున్నాను’ అనే రాస్తాను.

టీచర్ గారి దిద్దుబాటు గురించి. పిల్లవాడు వ్యాసంలో ‘పోతానవ్’ రాసి ఉంటే ‘పోతున్నావు’ అని మార్చడం సబబే, అక్కడ అందరికీ తెలిసిన రూపం కావాలి. కథలో ఒక పాత్ర నోటి మాటగా రాశాడు కాబట్టి దాన్ని అలాగే ఉంచాలి. పైగా ఆమె రాసిన ‘ఎటు పోతూ ఉన్నావు?’ ఎదురుపడ్డ మనిషిని ఎవరూ అడగరు. రెండు మాటలను విడదీసి పలికితే పని చాలాసేపటిగా సాగుతూ ఉందనే అర్థం వస్తుంది: ‘గంట నుంచి చెబుతూ ఉన్నాను, వినవేం?’ అన్నట్టు. సహాయక క్రియ విడిగా కనిపించాలన్న పట్టుదలతో దిద్దితే, మామూలు పలకరింపు ఆరా తీసినట్టు తయారైంది.