మోకాలి ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్రలు: తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

మోకాలి కీలు మార్చే ఆపరేషన్ అయి వారం తిరక్కముందే ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు పక్కన పెట్టేశావని మరదలు ఫోన్‌లో చెప్పింది. అది మత్తుమందు, ఒకసారి అలవాటైతే వదలదు అని ఎవరో అన్నారట. సర్జికల్ వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్లూ ఈ మాట విన్నాను. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ట్రమడాల్ నల్లమందులా పనిచేసే ఓపియాయిడ్ జాతి మందే. దాన్ని మత్తు కోసం వాడేవాళ్లు ఉన్నారు కాబట్టే 2018లో మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. కానీ కొద్ది రోజులకు, లెక్క కట్టి, డాక్టరు కనిపెట్టి చూస్తుండగా వేసుకోవడం వేరు.

మాత్ర మానేస్తే నీకు జరిగే నష్టం ముందు చెప్తాను. కొత్త కీలు మొదటి కొన్ని వారాల్లోనే వంగడం అలవాటు చేసుకోవాలి. నొప్పికి జడిసి కాలు కదపకపోతే లోపల మచ్చలాంటి గట్టి కణజాలం పెరిగి కీలు బిగుసుకుపోవచ్చు. అప్పుడు మళ్లీ మత్తు ఇచ్చి బలవంతంగా వంచాల్సి రావచ్చు. మంచం మీదే ఉండిపోతే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది. అందుకే వ్యాయామానికి గంట ముందు మాత్ర వేసుకోమనేది. నొప్పి పూర్తిగా పోనక్కర్లేదు, కాలు వంచగలిగితే చాలు.

ఇక అలవాటు సంగతి. ఓపియాయిడ్ కొన్ని వారాలు వరసగా వాడితే ఒళ్లు దానికి సర్దుకుంటుంది. ఒక్కసారిగా ఆపితే ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం రావచ్చు. కొన్ని రకాల బీపీ మాత్రలు హఠాత్తుగా మానినా ఒళ్లు ఎదురుతిరుగుతుంది, దాన్ని ఎవరూ వ్యసనం అనరు కదా. వ్యసనం మనసును పట్టుకునేది. నొప్పి తగ్గినా మాత్ర కోసం ప్రాణం లాగడం, దిగులు పోవడానికి వేసుకోవడం, నెలకిచ్చినవి పది రోజుల్లో అయిపోవడం, ఇంట్లో దాచడం, ఇంకో డాక్టరు దగ్గరికెళ్లి మళ్లీ రాయించుకోవడం, చెడు జరుగుతున్నా ఆపలేకపోవడం. నువ్వు నొప్పి ఉన్నా మాత్ర వద్దంటున్నావు. ఈ లక్షణాల్లో ఒక్కటీ నీలో లేదు.

అలాగని ప్రమాదమే లేదని చెప్పను. మద్యం వ్యసనం ఇదివరకు ఉన్నవాళ్లకు, నెలల తరబడి వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. వీటితో పాటు మద్యం తాగినా, నిద్రమాత్రలు కలిపినా ఊపిరి మందగించవచ్చు. ఫిట్స్ ఉన్నా, డిప్రెషన్ మాత్రలు వాడుతున్నా డాక్టరుకు ముందే చెప్పాలి. నీకు ఇవేవైనా ఉంటే మొహమాటపడకు.

తగ్గించడం ఎలాగో నీ చీటీనే పెట్టుకుని చూద్దాం. రోజుకు మూడుసార్లు ట్రమడాల్ 50, నాలుగుసార్లు పారాసిటమాల్ 650, రెండు వారాలకు. ముందు తగ్గించేది ట్రమడాలే, పారాసిటమాల్ చివరిదాకా ఉంటుంది. చాలామంది తలకిందులుగా చేస్తారు: పారాసిటమాల్ మానేసి ట్రమడాల్ ఒక్కటే మింగుతారు, దాంతో దాని అవసరం ఇంకా పెరుగుతుంది. నొప్పి తక్కువుండే పూట మాత్ర మొదట తీసేయాలి. సాధారణంగా అది మధ్యాహ్నానిది. రెండు మూడు రోజులు చూసి, సర్దుకుంటే పొద్దునది. వ్యాయామం పొద్దున చేస్తున్నావు కాబట్టి ఆ గంట గడవడం కష్టమైతే అది ఉంచి రాత్రిది తీసేయొచ్చు. ఆ మిగిలిన ఒక్కటీ మరో రెండు మూడు రోజులకు ఆపేయాలి. తర్వాత పారాసిటమాల్ కూడా అవసరమైనప్పుడే. నాలుగైదు రోజులే వాడినవాళ్లకు ఈ మెట్లు చాలాసార్లు అక్కర్లేదు, నేరుగా ఆపినా ఏమీ కాదు. నీ మాత్రల స్ట్రిప్ మీద ఎస్‌ఆర్ అని ఉంటే విరవకు, నమలకు. అందులో మందు నెమ్మదిగా విడుదలవాలి, విరిస్తే ఒక్కసారే ఒంట్లోకి వచ్చేస్తుంది.

ఒక మాత్ర తగ్గించాక బాధ కలిగితే అది ఎక్కడిదో చూడు. మోకాలు దగ్గరే ఉండి, నడిస్తే పెరిగి, ఐసు పెడితే తగ్గితే ఆపరేషన్ నొప్పి. మోకాలితో పనిలేకుండా ఒళ్లంతా చిరాకు, చెమట, ముక్కు కారడం అయితే తొందరగా తగ్గించామన్నమాట. డాక్టరుకు చెప్పి తగ్గించకముందున్న మోతాదు మీదే మరికొన్ని రోజులు ఆగాలి. నొప్పి తగ్గుతూ వచ్చి హఠాత్తుగా పెరిగినా, పిక్క వాచినా, జ్వరం, చీము కనిపించినా మాత్రతో సరిపెట్టుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

ఈ మాత్రలతో మలబద్ధకం తరచుగా వస్తుంది. రాసిన సిరప్ మానకు, నీళ్లు బాగా తాగు. మరదలిని ప్రతి మాత్రా ఏ టైముకి వేసుకున్నావో ఒక కాగితం మీద రాయమను. ఇప్పుడు నాలుగు రోజులుగా మానేశావు కాబట్టి నీ అంతట నువ్వు మళ్లీ మూడేసి మొదలుపెట్టకు. రేపు పొద్దున డాక్టరుకు ఫోన్ చేసి, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో అడుగు. మిగిలిన మాత్రలు పక్కింటివాళ్ల నడుము నొప్పికి ఇవ్వొద్దు, కుట్లు విప్పే రోజు స్ట్రిప్‌లతో సహా ఆసుపత్రికి పట్టుకెళ్లి ఏం చేయాలో అడుగు.

మీ అక్క