గురువారం ఎనిమిదికి కరెంటు పోతుంది

పాపా,

గురువారం పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా లైను పనికి కరెంటు తీస్తారని మీకు నోటీసు వచ్చింది. దానికి నువ్వు నిన్న ఫోన్లో "ఆరు గంటలే కదా పెద్దనాయనా, మన పాల ట్యాంకు థర్మాస్ లాంటిదే" అన్నావు. ఆ మాటలో తప్పేమీ లేదు. కాకపోతే థర్మాస్ దానంతట అది దేన్నీ చల్లబరచదు, నువ్వు పోసిందాన్ని పోసినట్టే కాపాడుతుంది. ఎనిమిదికి నీ పాలు 4 డిగ్రీల దగ్గరుంటే మూత తెరవకుండా ఉన్నంతసేపు మధ్యాహ్నం రెండింటికి ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతాయేమో, అంతే. ఎనిమిదికి 18 దగ్గరుంటే మాత్రం అదే థర్మాస్ ఆ 18ని ఆరు గంటలపాటు పదిలంగా పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు ట్యాంకులో ఉండేవి పాలు కావు, పులవబోయే సరుకు. అందుకే ఫోన్లో చెప్పకుండా లెక్క వేసి రాస్తున్నాను.

నీ ట్యాంకు పాలు చల్లబరిచే 500 లీటర్ల బల్క్ కూలర్. రోజుకు రెండు పూటల పాలకు లెక్కగట్టి చేసే ఇలాంటి ట్యాంకు మామూలుగా సగం పాలను, అంటే 250 లీటర్లను, 35 డిగ్రీల నుంచి 4కి దించడానికి మూడు గంటలు తీసుకుంటుంది. గంటకు 83 లీటర్లు అనుకో. నీకు సాయంత్రం పాలు 200 లీటర్లు, పొద్దున 180. సాయంత్రానివి రాత్రికే చల్లబడి ఉంటాయి, వాటి గొడవ లేదు. పొద్దున 180ని 83తో భాగిస్తే రెండు గంటల పది నిమిషాలు. ఇప్పుడు మీ ఊళ్లో పాలు ఆరున్నరకు మొదలై ఏడున్నర దాకా వస్తాయని చెప్పావు. ఆరున్నర నుంచి ఎనిమిది అంటే గంటన్నరే. అంటే దాదాపు 55 లీటర్ల పాలకు సరిపడా వేడి ట్యాంకులోనే మిగిలిపోతుంది. అది మొత్తం 380 లీటర్లకూ పాకి 4 ఉండాల్సింది 8 దాటుతుంది. ఇది కూడా కూలర్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రెక్కలు శుభ్రంగా ఉంటేనే. తాడిపత్రి గాలిలో ఉండే దుమ్ముకు అవి ఎంత త్వరగా మూసుకుపోతాయో నీకు తెలుసు. బుధవారం పగలే, కూలర్ మెయిన్ కట్టేసి, మెత్తని బ్రష్షుతో రెక్కల వాటంలోనే పైనుంచి కిందికి దులిపించు. అడ్డంగా రుద్దితే రెక్కలు వంగిపోతాయి.

కాబట్టి గురువారం ఒక్కరోజు సేకరణ ముప్పావుగంట ముందుకు జరుపు. మొదటి క్యాను ఐదూ ముప్పావుకి ట్యాంకులో పడాలి, ఆఖరిది ఏడు దాటకూడదు. పాలు పోసేవాళ్లకు మంగళవారం సాయంత్రమే చెప్పు, బుధవారం సాయంత్రం మళ్లీ గుర్తు చెయ్యి. ముందురోజు ఒక్కసారి చెబితే సగం మంది మరచిపోతారు, గేదె పాలు పితికే వేళ అంత సులభంగా మారదు. పాలు ఒకేసారి కుమ్మరించకు. 200 లీటర్ల చల్లని పాలలో 180 లీటర్ల వెచ్చనివి ఒక్కసారిగా కలిస్తే మొత్తం 18 డిగ్రీలకు చేరుతుంది, రాత్రంతా చల్లగా కాపాడుకున్నవి కూడా చెడతాయి. కలిపిన పాలు ఏ క్షణంలోనూ 10 దాటకూడదు. కలిపే మోటారు తిరుగుతుండగా ఒక్కో క్యాను పోస్తూ, అంకె తగ్గాకే తర్వాతది పొయ్యి.

ఎంత చెప్పినా ఒకరిద్దరు ఆలస్యంగా వస్తారు. ఏడు దాటాక వచ్చిన పాలు మాత్రం ట్యాంకులో పోయవద్దు, మొహమాటపడకు. రెండు క్యాన్లు, 80 లీటర్లు అలా వస్తాయనుకుని ముందే ఏర్పాటు పెట్టుకో. పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో క్యాను మెడ దాకా నీళ్లు వచ్చేట్టు చూసి, అందులో ఐసు వెయ్యి. ఒక కిలో ఐసు కరిగేటప్పుడు మూడు లీటర్లకు పైగా పాలను 34 నుంచి 10కి తేగలదు, కానీ మన ఎండకు, తొట్టి గోడలకు పోయేది పోగా కిలోకు రెండు లీటర్లని లెక్కపెట్టుకుంటే మోసం ఉండదు. ఆ 80 లీటర్లకు 40 కిలోలు. ఉత్త ఐసు ముక్కల మధ్య పెడితే క్యానుకు అక్కడక్కడే తగులుతుంది, నీళ్లుంటేనే చుట్టూ పట్టుకుంటుంది. క్యాను లోపల శుభ్రమైన కలిపే గరిటెతో పది నిమిషాలకోసారి కలపాలి, లేకపోతే అంచులు చల్లగా, నడుమ వెచ్చగా ఉండిపోతాయి. ఐసు పాలలో వెయ్యడం మాత్రం వద్దు. నీళ్లు కలిసినట్టే, పైగా ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో ఎవరికి తెలుసు.

పెరుగు గురించి ఎక్కువ చెప్పను. తోడు 42, 43 డిగ్రీల దగ్గర వేసిన కప్పులు నాలుగైదు గంటల్లో గట్టిపడి వెంటనే చల్లదనంలోకి వెళ్లాలి, లేకపోతే పులుపు ఎక్కుతూనే ఉంటుంది. బుధవారం సాయంత్రం ఆరుకు తోడు వేస్తే రాత్రి పదకొండుకల్లా లోపల పెట్టేయవచ్చు, తెల్లవారేసరికి చల్లబడతాయి. గురువారం తెల్లవారుజామున తోడు వేసే పని పెట్టుకోవద్దు. పాశ్చరైజ్ చేయడం కూడా అంతే. 63 డిగ్రీల దగ్గర అరగంట నడుస్తుండగా కరెంటు పోతే ఆ అరగంట లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంకొకటి, అందరూ మరచేది: నీళ్లు. బోరు మోటారు కరెంటుదే. క్యాన్లు కడగాలి, తొట్టి నింపాలి. పై ట్యాంకు ఏడుకే నిండుగా ఉండాలి, క్యాన్లు కడిగే వేడినీళ్లు అప్పటికే కాచి పెట్టాలి. ఎండిపోయిన పాల పొర తర్వాత రుద్దితే రాదు.

నోటీసులో ఏ ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఏ లైను, అని రాసి ఉందో చూడు. ఊరి పేరు చూసి ఊరుకోకు, ఒకే ఊళ్లో రెండు ఫీడర్లు ఉండవచ్చు. మీ లైన్‌మన్‌నే అడిగితే అరనిమిషంలో చెబుతాడు, ఎల్సీ, అంటే లైను ఆపి పని చేసుకునే అనుమతి, ఎప్పుడు తీసుకుంటారో, ఎప్పుడు తిరిగి ఇస్తారో కూడా. అతను దొరకకపోతే 1912కు ఫోన్ చెయ్యి. రెండు అన్నది నాలుగవచ్చునని అనుకునే సిద్ధపడు.

అల్లుడు జనరేటర్ అద్దెకు తెద్దామంటున్నాడని విన్నాను. తెస్తే తెండి, కానీ ఊరి లైను నుంచి మిమ్మల్ని విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా, ఏదో ప్లగ్గులో వైరు దూర్చి నడిపించే పని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. మీ జనరేటర్ కరెంటు మీటరు దాటి వెనక్కి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 వేల వోల్టులుగా మారుతుంది. ఆ వైరు మీద చెయ్యి వేసి ఉన్నవాడు, కరెంటు లేదని నమ్మి స్తంభం ఎక్కినవాడు.

ఇక యంత్రాలు. ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు నువ్వే అన్నీ కట్టెయ్యి. కూలర్, ఫ్రీజర్, పంపు, అన్నీ. ఒక్క బల్బు మాత్రం స్విచ్ వేసి వదులు. కరెంటు వచ్చిందని అది చెబుతుంది. ఇలా ఎందుకంటే లైను పని ముగించి కరెంటు ఇచ్చేటప్పుడు ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, మొదటి నిమిషాల్లో వోల్టేజి ఊగుతుంది. ఆ ఊగుట్లో నీ కంప్రెసర్ కాంటాక్టర్ టకటకా కొట్టుకుంటే దాని పని అయిపోయినట్టే.

నేను ఒకప్పుడు పనిచేసిన చిల్లింగ్ సెంటర్లో ఇలాంటి రోజే జరిగింది. కరెంటు వచ్చింది, లైట్లు వెలిగాయి, నేను సంబరంగా స్టార్టర్ నొక్కాను. కంప్రెసర్ లేవకుండా గుర్రుమంది. మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే పడిపోవాలి కదా, పడలేదు. మాటిమాటికీ పడుతోందని నెల ముందు ఎవరో దాన్ని వైరుతో కలిపేశారట. అయ్యో అనుకునేలోపు కాలిన వార్నిష్ వాసన వచ్చింది. చూస్తే మూడు ఫేజుల్లో ఒకటి లేదు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయి ఉంది. లైట్లు మిగిలిన ఫేజుల మీద ఉన్నాయి కాబట్టి వెలిగాయి. వైండింగ్ కట్టించడానికి మూడు రోజులు, ఆ మూడు రోజుల పాలు వేరే సెంటరుకు తోలాం. అప్పటినుంచి నేను బల్బును చూసి మోటారు వేయను.

నువ్వు కూడా బల్బు వెలిగాక పది నిమిషాలు ఆగు. ఆ తర్వాత మీ ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి మూడు ఫేజులూ చూపించు. ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ నడుమ 230 అటూ ఇటూ, ఫేజుకూ ఫేజుకూ నడుమ 400 దగ్గర రావాలి. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ నడుమ 300 చూపిస్తే న్యూట్రల్ తెగినట్టు అనుమానించు, ఫ్రీజర్ స్విచ్ వైపు కూడా పోవద్దు. ఈ కొలత మోటారు ఏదీ తిరగనప్పుడే తీయాలి. ఒక మోటారు తిరుగుతుంటే పోయిన ఫేజులోకి కూడా అది కొంత వోల్టేజి తోస్తుంది, మీటరు నీకు అబద్ధం చెబుతుంది.

మూడూ సరిగ్గా ఉన్నా ఇంకొకటి చూడాలి. లైను విప్పి మళ్లీ కలిపేటప్పుడు రెండు ఫేజులు తారుమారు కావచ్చు. మీటరు మీద ఏ తేడా కనపడదు, మోటారు మాత్రం వెనక్కి తిరుగుతుంది. అందుకే ముందు చిన్నదాన్ని, కలిపే మోటారును, ఒక్క క్షణం వేసి ఆపి దాని మీది బాణం గుర్తు వైపే తిరిగిందా చూడు. నీ కూలర్‌లో ఉన్నది స్క్రోల్ కంప్రెసర్. అది వెనక్కి తిరిగితే గట్టిగా గరగరలాడుతుంది, పాలు ఒక్క డిగ్రీ కూడా తగ్గవు. ఆ శబ్దం విన్న వెంటనే ఆపేస్తే నష్టం ఉండదు, గంటసేపు వదిలేస్తే పోతుంది. ఎలక్ట్రీషియన్ ఏవైనా రెండు ఫేజు వైర్లు అటుదిటు మార్చితే సరిపోతుంది. అద్దె జనరేటర్ తగిలించినప్పుడూ ఇదే పరీక్ష.

పాలను మాత్రం కరెంటు వచ్చిన వెంటనే అంకె చూసి నమ్మవద్దు. ఆరు గంటలు కదలకుండా ఉంటే మీగడ పైకి తేలుతుంది, థర్మామీటరు తన చుట్టూ ఉన్న పాల చల్లదనమే చెబుతుంది. ఐదు నిమిషాలు కలిపి అప్పుడు చూడు. 10 దాటితే టెస్ట్ ట్యూబులో 5 మిల్లీలీటర్లు తీసి మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచు. విరిగితే ఆ పాలు ఎవరికీ పంపవద్దు, సాయంత్రం పాలలో కలపవద్దు. విరగకపోతే వెంటనే చల్లబరిచి ఆ సాయంత్రమే పంపెయ్యి, రేపటికి ఉంచకు.

బుధవారం సాయంత్రం బస్సులో వస్తాను, నా క్లాంప్ మీటరు తెస్తాను. నేను వచ్చేలోపు ఓవర్‌లోడ్ రిలేకు ఎవరైనా వైరు కలిపారేమో మీ ఎలక్ట్రీషియన్‌తో చూపించి, స్టార్టర్ బాక్సు తాళం చెవి దొరికేచోట పెట్టు. పోయినసారి దానికోసమే అరగంట వెతికాం.

మీ పెద్దనాయన
అనంతపురం