షిప్పింగ్ బిల్లుల పనిని రెజ్యూమెలో రెండు లైన్ల బుల్లెట్‌గా రాయడం

ప్రశ్న: "వైజాగ్‌లో కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ చూస్తున్నాను, మూడేళ్లయింది. ఎక్కువగా ఫ్రోజెన్ రొయ్యల కంటైనర్లే. రెజ్యూమెలో అన్నీ 'రెస్పాన్సిబుల్ ఫర్' అనే లైన్లే. కాంటెక్స్ట్, యాక్షన్, రిజల్ట్ వరసలో రాయమంటున్నారు గానీ, అలా రాస్తే ఒక్కో బుల్లెట్ ఐదు లైన్లకి పోతోంది. రెండు లైన్లలోకి ఎలా తేవాలి?"

నేను షీలానగర్‌లో ఒక ఫార్వర్డింగ్ ఆఫీసులో డాక్యుమెంటేషన్ టీమ్ చూస్తుంటానండి. కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు ఇలాంటి రెజ్యూమెలు నేనే చదువుతాను. నాకు కనిపించినంతవరకూ బుల్లెట్ ఐదు లైన్లకి పోయేది సందర్భంతో మొదలుపెట్టినప్పుడే. ఆఫీసు గురించి, క్లయింట్ల గురించి చెప్పుకుంటూ వస్తే రెండో లైను చివరికి కూడా అసలు పని రాదు. అందుకని బుల్లెట్ రాసేముందు వెనక నుంచి ఆలోచించుకుంటూ రండి. ముందు ఫలితం, తర్వాత ఆ ఫలితం రావడానికి మీరు చేసిన ఒక్క పని, ఆఖర్న ఆ రెండూ అర్థం కావడానికి ఎంత సందర్భం కావాలో అంతే.

మా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడి బుల్లెట్ చూపిస్తాను, మీ పనే కాబట్టి. అంకెలు మాత్రం లెక్క తేలిగ్గా అర్థమయ్యేలా సర్ది రాస్తున్నాను. మొదట అతను రాసుకున్నది: "ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంట్ల తయారీ, క్లయింట్లతోనూ షిప్పింగ్ లైన్లతోనూ కోఆర్డినేషన్ బాధ్యతలు." ఇది వైజాగ్‌లో ఏ డాక్యుమెంటేషన్ ఉద్యోగి పేరు కింద పెట్టినా సరిపోతుంది. "నువ్వు వచ్చాక ఏం మారిందిరా?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "అమెండ్‌మెంట్లు తగ్గాయి సార్" అన్నాడు. అంటే ఎగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే షిప్పింగ్ బిల్లులో, ఫైల్ అయ్యాక చేయాల్సివచ్చే సవరణలు. బుల్లెట్ అక్కడ దొరికింది.

మీకు తెలిసిందే, షిప్పింగ్ బిల్లు ఫైల్ చేసేముందు దాని చిత్తుప్రతిని, అంటే చెక్‌లిస్టుని, ఎగుమతిదారుకి పంపి ఓకే తీసుకుంటాం. సీజన్‌లో వాళ్లూ చూడకుండానే ఓకే అనేస్తారు. రొయ్యల్లో ఒకే కంటైనర్‌లో నాలుగైదు కౌంట్లు, అంటే సైజులు, రెండు మూడు రకాల ప్యాకింగ్ ఉంటాయి. ఆఖరి నిమిషంలో ప్యాకింగ్ లిస్టు మారి ఇన్‌వాయిస్ మారకపోతే నికర బరువు తేడా వస్తుంది. ఫైల్ అయ్యాక దిద్దాలంటే కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద సవరణకి అడగాలి. ఆ లోపు రీఫర్, అంటే ఫ్రీజర్ కంటైనర్, కరెంటు ప్లగ్ మీద ఉంటుంది, ఛార్జీ పడుతుంటుంది. ఈ కుర్రాడు ఎక్సెల్‌లో ఒక షీట్ చేశాడు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, చెక్‌లిస్టు బరువులు పక్కపక్కన పెడితే తేడా ఉన్న గడి ఎర్రగా వస్తుంది. షీట్‌లో ఎరుపు ఉంటే ఫైల్ చేయకూడదని మిగతావాళ్లని కూడా ఒప్పించాడు.

ఇక ఫలితం. "చాలా తగ్గాయి" అంటే కుదరదు. ఆఫీసు జాబ్ రిజిస్టర్ తీసి లెక్కపెట్టమన్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. చెరువుల పట్టుబడి తగ్గిన నెలల్లో కంటైనర్లే తగ్గుతాయి, అమెండ్‌మెంట్లూ వాటంతట అవే తగ్గుతాయి. నెలకి ఎన్ని అని రాస్తే ఆ ఘనత సీజన్‌ది అవుతుంది. కాబట్టి షీట్ వచ్చాక గడిచిన నాలుగు నెలలని ముందటేడు అవే నెలలతో పోల్చి, నూరు బిల్లులకి ఎన్ని అని చూడాలి. ముందటేడు 240 బిల్లుల్లో 31, అంటే నూటికి దాదాపు 13. షీట్ వచ్చాక 255 బిల్లుల్లో 10, అంటే నూటికి 4.

ఇవన్నీ పెట్టి అతను రాసిన రెండో ప్రతి ఇలా వచ్చింది: "విశాఖ పోర్టు ద్వారా అమెరికాకి, ఇతర దేశాలకి ఎగుమతి చేసే ఆరుగురు రొయ్యల ఎగుమతిదారుల ఖాతాలు చూస్తూ, డాక్యుమెంట్లలో తరచూ వచ్చే బరువు తేడాల సమస్యని గుర్తించి, దాని పరిష్కారానికి టీమ్‌తో కలిసి ఎక్సెల్‌లో సరిపోల్చే షీట్ రూపొందించి, అందరికీ శిక్షణ ఇచ్చి, షిప్పింగ్ లైన్లతో సమన్వయం చేస్తూ, సవరణలను గణనీయంగా 69 శాతం తగ్గించాను."

కత్తిరింపు ఇక్కడే. పోర్టు పేరు అక్కర్లేదు, పైన ఉద్యోగం లైనులోనే ఊరు ఉంటుంది. "సమస్యని గుర్తించి" తీసేయొచ్చు, గుర్తించకుండా ఎవరూ షీట్ చేయరు. షిప్పింగ్ లైన్లతో సమన్వయం వేరే పని, దానికి ఫలితం ఉంటే వేరే బుల్లెట్, లేకపోతే వద్దు. "గణనీయంగా" పక్కన అంకె ఉండగా ఆ మాట దండగ. 69 శాతం బదులు 13 నుంచి 4 అని రాయడం మేలు. శాతం ఒక్కటే చూస్తే మూడు తప్పులు ఒకటయ్యాయా, మూడొందలు వందయ్యాయా తెలీదు, నాలాంటివాడికి వెంటనే అనుమానం వస్తుంది. చివరికి మిగిలింది:

"ఆరుగురు రొయ్యల ఎగుమతిదారుల ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, చెక్‌లిస్టు బరువులు సరిపోల్చే ఎక్సెల్ షీట్ తయారుచేసి, షిప్పింగ్ బిల్లు సవరణలను నాలుగు నెలల్లో నూటికి 13 నుంచి 4కి తగ్గించాను."

మీరు దీన్ని ఇంగ్లీషులోనే పెడతారు కాబట్టి అక్కడ "తయారుచేశాను" అనే క్రియ మొదటికి వస్తుంది, ఫలితం రెండో లైనులో పడుతుంది. ఏ4 కాగితం మీద 11 పాయింట్ల అక్షరం, మామూలు మార్జిన్లు ఉంటే ఒక లైనుకి సుమారు 90 ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. రెండు లైన్లంటే 30 పదాల లోపు. సందర్భానికి ఏడెనిమిది మించితే మిగతా రెండూ ఊపిరాడక చస్తాయి. ఒకే ఒక్క పదం మూడో లైనులోకి జారితే అక్షరం సైజు తగ్గించకండి, ఒక విశేషణం తీసేయండి. వర్డ్‌లో సరిపోయింది పీడీఎఫ్‌లో జారొచ్చు, పంపేది పీడీఎఫ్ కాబట్టి అందులోనే చూసుకోండి.

సందర్భం ఎంత ఉండాలన్నది చదివేవాణ్ణి బట్టి మారుతుంది. ఇంకో కస్టమ్స్ బ్రోకర్‌కి పంపితే పై బుల్లెట్ చాలు. పరవాడ వైపు ఫార్మా కంపెనీ ఎక్స్‌పోర్ట్ విభాగానికి పంపుతుంటే "రొయ్యల" వాళ్లకి పెద్దగా పనికిరాదు. ఆ చోట "నెలకి 60 షిప్పింగ్ బిల్లులు" పెడితే మీరు ఎంత పని మోయగలరో తెలుస్తుంది.

అంకె దొరకని పనులు ఉంటాయి. మీకన్నా ముందు నుంచే సాఫీగా నడుస్తున్నది మీరూ సాఫీగా నడిపితే, "తగ్గించాను, పెంచాను" అని అల్లకండి. ఇంటర్వ్యూలో నేను అడిగే మొదటి ప్రశ్న "ఈ 13 ఎక్కడ నుంచి తీశారు?" అనే. రిజిస్టర్ నుంచి లెక్కపెట్టినవాడు అర నిమిషంలో చెప్తాడు, అల్లినవాడు ఆఫీసు గురించి చెప్పడం మొదలెడతాడు. అలాంటి పనికి పరిమాణం రాయండి: నెలకి ఎన్ని బిల్లులు, ఎందరు ఎగుమతిదారులు, మీ ఒక్కరిదేనా పంచుకున్నారా. అది ఒక్క లైను బుల్లెట్ అవుతుంది, పర్లేదు. మూడేళ్ల ఉద్యోగానికి పూర్తి రెండు లైన్లవి మూడో నాలుగో ఉంటే చాలు.

ఎగుమతిదారుల పేర్లు రాయకండి, వాళ్ల కొనుగోలుదారుల పేర్లు అసలే వద్దు. కస్టమ్స్ పరీక్ష పాసైన బ్రోకర్ ఉద్యోగికి ఇచ్చే జి కార్డ్ ఉంటే మాత్రం దాన్ని ఈ మూసలో పోసి సాగదీయక్కర్లేదు, మీ పేరు కిందే విడిగా రాయండి. మా ఆఫీసుల్లో ముందు చూసేది అదే.