కాలీఫ్లవర్ ముక్క చిదిరిపోకుండా, వాసన రాకుండా వండటం ఎలా?

ప్రశ్న: కాలీఫ్లవర్ ఎప్పుడు వండినా పైన పువ్వంతా పొడిపొడిగా రాలి ముద్దయిపోతుంది, కాడ మాత్రం గట్టిగానే ఉంటుంది. పైగా ఇల్లంతా ఒకటే వాసన. ముక్క ముక్కలాగే ఉండాలంటే, వాసన తగ్గాలంటే ఏం చేయాలి?

జవాబు:

ముక్క చిదరడానికీ వాసన రావడానికీ కారణం ఒకటే, అవసరానికి మించి ఉడకడం. అలాగని తక్కువ ఉడికించమని చెప్పి ఊరుకుంటే మీ కష్టం తీరదు. కాడ ఉడికేదాకా ఆగితే పువ్వు రాలిపోతుంది, పువ్వును కాపాడుకుందామంటే కాడ పచ్చిగా మిగులుతుంది. నేను చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి వేరు. అసలు వంటకు ముందు ముక్కలను దాదాపు 60 డిగ్రీల వేడి ఉన్న నీళ్లలో 20 నుంచి 25 నిమిషాలు నానబెడతాను. అలా నానిన ముక్క ఆ తరువాత రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉడికినా చెక్కుచెదరదు.

కూరగాయల కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే పదార్థం పెక్టిన్. మరిగే నీటి వేడికి అది కరగడం మొదలవుతుంది, కణాలు విడిపోతాయి, ముక్క మెత్తబడుతుంది. కాలీఫ్లవర్‌లోనే ఉండే ఒక ఎంజైమ్ ఈ పెక్టిన్‌ను కొద్దిగా మార్చగలదు. అప్పుడు ఆ కూరగాయలోనే ఉన్న కాల్షియం వచ్చి పెక్టిన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ఆ ముడి పడ్డాక మరిగే నీళ్లకు కూడా అంత సులువుగా ఊడదు. అయితే ఆ ఎంజైమ్ చురుగ్గా పనిచేసేది 55, 60 డిగ్రీల దగ్గర. 70 దాటితే క్రమంగా దెబ్బతింటుంది. ముక్కలను నేరుగా మరిగే నీళ్లలో వేస్తే దానికి పనిచేసే వ్యవధే దొరకదు.

ఇప్పుడు అర కిలో ముక్కలకు లెక్క చెబుతాను. ముందుగా పువ్వును కాడ వెంట విడదీయండి. కత్తిని పైనుంచి పువ్వు మీద దించితే అక్కడే సగం పొడి రాలిపోతుంది. కాడ మొదట్లో చిన్న గాటు పెట్టి, అక్కడి నుంచి చేతులతో లాగితే పువ్వు తన గీత వెంట తానే విడిపోతుంది. ఒక్కో ముక్క నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉండాలి. కాడ లావుగా ఉంటే దాని అడుగున అడ్డంగా, నిలువుగా ప్లస్ గుర్తులా గాటు పెట్టండి. వేడి లోపలికి త్వరగా చేరి కాడ పువ్వుతో పాటే ఉడుకుతుంది. ముక్కలను ఉప్పు కలిపిన చల్లని నీళ్లలో పది నిమిషాలు ఉంచి కడిగితే లోపల పురుగులేమైనా ఉంటే బయటికి వస్తాయి. ఈ ఉప్పునీటిని పూర్తిగా పారబోయాలి. ఉప్పు ఎక్కువైతే కాల్షియం కట్టాల్సిన ముడికి అడ్డుపడుతుంది.

థర్మామీటర్ లేకపోయినా 60 డిగ్రీల నీళ్లు తయారు చేసుకోవచ్చు. ఒక లీటరు నీళ్లను తెర్లేదాకా మరిగించి పొయ్యి ఆపండి. అందులో మామూలు నీళ్లు 700 మిల్లీలీటర్లు కలపండి. ఈ నీళ్లు 70 డిగ్రీలకు కాస్త పైన ఉంటాయి. కడిగి ఉంచిన అర కిలో ముక్కలు వేయగానే వేడి 60 దగ్గరికి దిగుతుంది. ముక్కలు గది వేడిలోనే ఉండాలి సుమా. ఫ్రిజ్ నుంచి తీసి అప్పటికప్పుడు వేస్తే నీళ్లు మరీ చల్లబడతాయి, అలాంటప్పుడు మామూలు నీళ్లు ఒక పావు లీటరు తగ్గించి కలపండి. మూత పెట్టి, గిన్నెకు ఒక మందపాటి గుడ్డ చుట్టి వదిలేయండి. మధ్యలో మళ్లీ పొయ్యి మీద పెట్టాల్సిన పని లేదు.

ఈ నానబెట్టడం వల్ల నిజంగా తేడా వస్తుందా అని ఒకసారి ఒకే పువ్వును రెండు భాగాలు చేసి చూశాను. ఒక సగాన్ని నానబెట్టాను, మరో సగాన్ని పక్కన ఉంచాను. రెండింటినీ వేర్వేరు గిన్నెల్లో ఒకే సమయం మరిగించాను, సాధారణంగా పెట్టే దానికంటే కావాలనే ఎక్కువ. నానని సగాన్ని గరిటెతో ఎత్తితే పువ్వు అంచు నుంచి తెల్లని రవ్వలు నీళ్లలోకి జారాయి, నీళ్లు మసకబారాయి. నానిన సగం ముక్కలు ఎత్తిన ఆకారంలోనే వచ్చాయి. వాటి కింద నీళ్లు తేటగా ఉన్నాయి. కొరికితే కాడలో కొద్దిగా బిగువు తెలుస్తుంది, పచ్చి వాసన మాత్రం లేదు.

ఇక ఉడికించడం. పెద్ద గిన్నెలో కనీసం రెండు లీటర్ల నీళ్లు బాగా మరగనిచ్చి, నానిన ముక్కలను వడకట్టి అందులో వేయండి. మూత పెట్టకూడదు. నీళ్లు మళ్లీ మరగడం మొదలైన దగ్గర నుంచి ఐదు ఆరు నిమిషాలు చాలు. గడియారాన్ని మాత్రమే నమ్ముకోకుండా, నాలుగో నిమిషం నుంచి ఒక్కో ముక్క తీసి కాడలో కత్తి మొన గుచ్చి చూడండి. మొన కొద్దిపాటి అడ్డుతో లోపలికి దిగాలి. కత్తిని పైకి ఎత్తితే ముక్క ఒక క్షణం అంటుకుని ఆ తరువాత జారిపోవాలి. అంటుకునే ఉండిపోతే ఇంకా ఉడకాలి, ఎత్తకముందే జారిపోతే ఆలస్యం చేసినట్టే.

మూత పెట్టవద్దన్నది వాసన కోసమే. కాలీఫ్లవర్, క్యాబేజీ కుటుంబంలో గంధకం ఉన్న పదార్థాలు ఉంటాయి. ముక్క కోయగానే వాటిలో కొంత విడిపోయి ఘాటు పుడుతుంది. దాన్ని అంతగా పట్టించుకోనక్కరలేదు. అసలు దుర్వాసన వేడి ఎక్కువసేపు తగిలినప్పుడు వస్తుంది. గంధకపు పదార్థాలు ఇంకా విరిగి, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువులుగా మారతాయి. నిమిషాలు గడిచేకొద్దీ ఈ వాయువులు పెరుగుతూనే పోతాయి. మూత తీసి ఉంచితే అవి ఆవిరితో పాటు పైకి పోతాయి, మూత పెడితే గిన్నెలోకే తిరిగి దిగి ముక్కకు పడతాయి. నీళ్లు ఎక్కువ పోసేదీ అందుకే, చాలా భాగం వాటిలో కలిసి పలచబడుతుంది. వంటగది కిటికీ తెరిచి పెట్టుకుని, ఉడికిన నీళ్లను వెంటనే పారబోయండి. ప్రెషర్ కుక్కర్‌లో మాత్రం కాలీఫ్లవర్ వండకండి. అందులో వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది, మూత బిగించి ఉంటుంది, మీరు తప్పించుకోవాలనుకుంటున్న రెండూ అక్కడే జరుగుతాయి.

ఉడికిన ముక్కలను చిల్లుల గిన్నెలో గుట్టగా వదిలేయడం మరో పొరపాటు. లోపలి ఆవిరితో అవి ఇంకా ఉడుకుతూనే ఉంటాయి, కింది ముక్కలు పై బరువుకు నలుగుతాయి. వెడల్పాటి పళ్లెంలో ఒకే వరసగా పరచండి. పొగలు పోయి పైన తడి ఆరేదాకా కొద్ది నిమిషాలు పడుతుంది. చల్లని నీళ్లలో ముంచితే ఉడకడం ఆగుతుంది గానీ పువ్వు స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటుంది, తరువాత నూనెలో పడగానే ఆ నీళ్లన్నీ వదిలి మెత్తబడుతుంది. నేను ముంచను.

వేయించేటప్పుడు వెడల్పాటి పెనం తీసుకోండి. నూనె బాగా వేడెక్కాక ముక్కలను ఒకే పొరగా పరిచి, రెండు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయాలి. ఆ తరువాత గుండ్రటి గరిటె కాకుండా అట్లకాడ అడుగుకు దూర్చి తిప్పాలి. ముక్కలు ఇలా వేయించినప్పుడు అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడి తీయటి వాసన వస్తుంది, అది గంధకపు వాసనను బాగా మరుగుపరుస్తుంది. ఉప్పు చివరలో చల్లండి.

నిమ్మరసం, టమాటా, పెరుగు లాంటి పులుపు గురించి ఒక మాట. పులుపు పెక్టిన్ కరగడాన్ని నెమ్మదింపజేస్తుంది, పువ్వు తెల్లగా కూడా ఉంటుంది. మరి మొదట్లోనే వేయవచ్చు కదా అంటే, కాడ ఎంతకీ ఉడకదు. కాడ ఉడికిందని కత్తి మొనతో నిర్ధారించుకున్నాకే వేయండి. వంట సోడా దానికి పూర్తిగా వ్యతిరేకం. చిటికెడు వేసినా పువ్వు పసుపు రంగుకు తిరుగుతుంది, త్వరగా ముద్దవుతుంది.

రసం ఉన్న కూరలో వేయాలంటే, మరిగే నీళ్లలో ఉడికించే సమయాన్ని మూడు నిమిషాలకు తగ్గించుకోండి. మిగతా ఉడుకు కూరలో పూర్తవుతుంది. మసాలా, రసం అంతా సిద్ధమైన తరువాతే ముక్కలు వేసి, సన్నని మంట మీద ఐదు నిమిషాలు ఉంచి దించేయండి. కలపాల్సి వస్తే గిన్నె చెవులు పట్టుకుని ఊపండి.

ఈ పద్ధతికి రెండు పరిమితులు ఉన్నాయి. పువ్వు మెత్తగా గుజ్జు కావాల్సిన వంటకానికి నానబెట్టవద్దు, ఎంత ఉడికించినా పలుకులు మిగులుతాయి. రెండోది, ముదిరిన పువ్వును ఏదీ కాపాడలేదు. కొనేటప్పుడు పైభాగం బిగుతుగా, ఒకే ముద్దలా ఉందో లేదో చూడండి. వేలితో రాస్తే గింజల్లా విడివిడిగా తగిలినా, పువ్వు పాయలు పాయలుగా విడిపోయి ఉన్నా అది పొయ్యి ఎక్కకముందే రాలడానికి సిద్ధంగా ఉన్నట్టు. గోధుమ మచ్చలు పడిన పాత పువ్వుకు వాసన కూడా ఎక్కువ. మిగిలిపోయిన కూరను మళ్లీ వేడి చేస్తే వాసన మళ్లీ మొదలవుతుంది కాబట్టి, రెండు పూటలకు వండాల్సి వస్తే ముక్కలను ఉడికించి, ఆరబెట్టి, సగం ఫ్రిజ్‌లో పెట్టుకుని, రెండో పూట అప్పటికప్పుడు వేయించుకోవడం మేలు.