ఫారంలో అంకె, రెజ్యూమేలో తేదీలు: షార్ట్‌లిస్ట్ ఎక్కడ ఆగుతోంది?

"ఫార్మా క్యూసీలో పని చేస్తున్నాను. పరవాడ, అచ్యుతాపురం వైపు కంపెనీలకు ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే ఒక్క కాల్ కూడా రావట్లేదు. ఫారంలో ప్రశ్నలకు ఉజ్జాయింపుగా నింపుతున్నా, రెజ్యూమేలో అన్నీ వివరంగా ఉన్నాయి కదా. అది చూడరా?"

చూసేదాకా వెళ్తే చూస్తారు. నేను విశాఖలో ఫార్మా కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే పనిలో ఉన్నాను, అటువైపు స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో చెప్తాను.

ఫారంలో "హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద ఎన్నేళ్లు పని చేశారు?" లాంటి ప్రశ్నలకు కంపెనీ ముందే ఒక కనీస అంకె పెట్టి ఉంచొచ్చు. మేం వీటిని నాకౌట్ ప్రశ్నలు అంటాం. సాఫ్ట్‌వేర్ ఆ గడిలో మీరు వేసిన అంకెనే చూస్తుంది. అది తక్కువైతే అప్లికేషన్ పక్కకు పోతుంది, రెజ్యూమే ఎవరూ తెరవకపోవచ్చు. సరిపోతే మా ముందుకు వస్తుంది. అప్పుడు ఒక పక్క మీ జవాబులు, ఇంకో పక్క రెజ్యూమే పెట్టుకుని చూస్తాం.

గాజువాక కుర్రాడి అప్లికేషన్ ఒకటి చెప్తాను. ఉద్యోగానికి హెచ్‌పీఎల్‌సీ కనీసం 3 ఏళ్లు కావాలి. అతను ఫారంలో 4 అని వేశాడు, ఫిల్టర్ దాటాడు. రెజ్యూమే తెరిస్తే 2021 జూన్ నుంచి 2022 మే దాకా ప్రొడక్షన్‌లో ట్రైనీ. 2022 జూలైలో క్యూసీలో చేరాడు. మొదటి ఏడాది టైట్రేషన్లు, పీహెచ్, తేమ పరీక్షలు. హెచ్‌పీఎల్‌సీ ముట్టుకున్నది 2023 జూలై నుంచే. అప్లై చేసింది 2025 అక్టోబర్ చివర్లో. అంటే మొత్తం అనుభవం 4 ఏళ్ల 4 నెలలు, క్యూసీ 3 ఏళ్ల 4 నెలలు, హెచ్‌పీఎల్‌సీ 2 ఏళ్ల 4 నెలలు. మూడూ నిజమే, కానీ అడిగింది మూడోది. అతను అబద్ధం చెప్పాలనుకున్నాడని నేను అనుకోను, మొత్తం అనుభవాన్ని ఆ గడిలో వేసేశాడంతే. కానీ మా దగ్గర దాన్ని నమ్మి ముందుకు పంపితే, ఇంటర్వ్యూలో క్యూసీ మేనేజర్ "ఏ ఏడాది నుంచి?" అని అడిగిన నిమిషంలో మా పరువు పోతుంది. పక్కన పెట్టేశాం. అదే కంపెనీలో 2 ఏళ్లు చాలనే పోస్టు కూడా ఖాళీగా ఉంది. దానికి సరైన అంకెతో అప్లై చేసి ఉంటే పిలిచేవాళ్లం.

ఎక్కువ వేస్తే ఇలా. తక్కువ పడితే ఇంకా దారుణం, ఎందుకంటే ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఇంకో పోస్టుకు కనీసం 2.5 ఏళ్లు అడిగారు. ఒకమ్మాయికి సరిగ్గా 2 ఏళ్ల 10 నెలల అనుభవం ఉంది. ఫారంలో 2.10 అని టైప్ చేసింది. మనం మాటల్లో అలాగే అంటాం కాబట్టి తప్పు అనిపించదు. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అది 2.1. ఫిల్టర్ ఆపేసింది. తెలిసినవాళ్ల ద్వారా ఆమె నాకు విడిగా రెజ్యూమే పంపబట్టి బయటపడింది. నెలల్ని 12తో భాగించి వేయాలి: 10 నెలలంటే 0.83, కాబట్టి 2.83. గడి పూర్తి అంకెలే తీసుకుంటే 2 వేయండి, 3 కాదు. అలాంటి చోట రెజ్యూమేలో నెలలతో సహా ఉండాలి.

కాబట్టి ఫారం తెరిచే ముందే ఒక కాగితం మీద ప్రతి పనికీ మొదలైన నెల, ఆగిన నెల రాసుకుని లెక్క వేసుకోండి. ఆ నెలలే రెజ్యూమేలోకీ వెళ్లాలి. చాలామంది రెజ్యూమేలో "హెచ్‌పీఎల్‌సీ, జీసీ, డిసొల్యూషన్" అని వరసగా పెట్టి వదిలేస్తారు. అప్పుడు ఫారంలో సరైన అంకె వేసినా మాకు సరిచూసుకునే వీలుండదు. "హెచ్‌పీఎల్‌సీ: 2023 జూలై నుంచి" అని ఒక్క ముక్క రాస్తే చాలు.

ట్రైనీ ఏడాది గురించి జాగ్రత్త. అప్రెంటిస్ చట్టం కింద చేసి ఉంటే ఆ కాలానికి పీఎఫ్ ఉండదు, కాబట్టి యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో కనపడదు. ఆఫర్ ముందు వెరిఫికేషన్‌లో ఆ హిస్టరీ చూసే కంపెనీలు ఉన్నాయి. రెజ్యూమేలో "అప్రెంటిస్" అని స్పష్టంగా రాసి, సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. ఫారంలో "అప్రెంటిస్ కాలం కలపకుండా" అని అడిగితే కలపకండి.

నోటీసు పీరియడ్‌కీ ఇదే లెక్క. త్వరగా పిలుస్తారని 30 రోజులు అని వేస్తారు, రెజ్యూమే చివర 90 అని ఉంటుంది. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏముందో అదే రెండు చోట్లా పెట్టండి. నోటీసు డబ్బు కట్టి ముందే రావడానికి మీ ఇప్పటి కంపెనీ ఒప్పుకుంటుందంటే ఆ మాట వ్యాఖ్య రాసే గడిలో చెప్పొచ్చు, లేదా మేం ఫోన్ చేసినప్పుడు చెప్పండి.

ఇప్పటికే తప్పు అంకెతో అప్లై చేసిన కంపెనీకి మళ్లీ అప్లై చేస్తే పాత జవాబులు కూడా మాకు కనిపించొచ్చు. అంకె మారితే ఎందుకు మారిందో ఒక వాక్యం రాయండి. "గతంలో మొత్తం అనుభవం వేశాను, ఇది హెచ్‌పీఎల్‌సీ మాత్రమే" అంటే మాకు అర్థమవుతుంది.